ఏ మార్కు ఎప్పటిది

మా వైస్ ప్రిన్సిపల్ గారికి స్టాఫ్ రూమ్‌లో అందరం కలిసి పెట్టిన పేరు సగటు గారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసినా కోపం తెచ్చుకోరు, పైగా గర్వంగా నవ్వుతారు. ఎంత చిక్కు వచ్చినా ఆయన దగ్గర మందు ఒకటే: అన్నీ కూడు, ఎన్నున్నాయో దాంతో భాగించు, వచ్చిన అంకెకి దణ్ణం పెట్టి ఇంటికి పో. మా నర్సింగ్ స్కూల్లో ఏళ్ళ తరబడి మార్కులన్నీ ఆయన చెప్పినట్టే నడిచాయి. నేను వచ్చి చెడగొట్టాను.

ఒకరు చెప్పింది ఊరికే ఒప్పుకునే రకం కాదు నేను. మా ట్యూటర్లలో నోరు పెద్దదెవరిదంటే పిల్లలు కూడా నా గది వైపే వేలు చూపిస్తారు. రెండేళ్ళ పాటు ప్రతి మీటింగులోనూ నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. రేపు వార్డులో రోగి పక్కన నిలబడేది ఎవరు? టర్మ్ మొదట్లో సిరంజి పట్టుకోవడం రాని పిల్లా, ఇప్పుడు కళ్ళు మూసుకుని మందు కొలవగలిగే పిల్లా? మందు మోతాదు లెక్కల్లో మొదటి పరీక్షకి వచ్చిన మార్కునీ, మొన్నటి పరీక్షకి వచ్చిన మార్కునీ ఒకే తక్కెడలో ఒకే బరువుగా ఎందుకు తూస్తున్నాం?

చివరికి విసిగిపోయి నా పద్ధతికే ఒప్పుకున్నారు. పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. మొదటి పరీక్ష మార్కు ఉన్నదున్నట్టుగా ఉంటుంది. రెండో పరీక్ష రాగానే దానికి నూటికి అరవై పాళ్ళు, అంతవరకు ఉన్న అంకెకి నలభై పాళ్ళు ఇచ్చి కలుపుతాం. మూడోది వస్తే మళ్ళీ అంతే, కొత్తదానికి అరవై, అప్పటిదాకా తేలిన అంకెకి నలభై. అలా ప్రతిసారీ పాత మార్కులు ఇంకొంచెం పలచబడిపోతాయి. అయిదు పరీక్షలు అయ్యేసరికి మొదటిదానికి మిగిలే బరువు నూటికి మూడు పాళ్ళు కూడా ఉండదు. ఎనభై దాటినవాళ్ళు వార్డుకి వెళ్తారు. దాటనివాళ్ళు ఆ టర్మ్ మళ్ళీ చదవాలి, అప్పటి పరీక్షలు ఈ అంకె మీదే కలుస్తాయి, హాస్టల్ గది కూడా ఖాళీ చెయ్యాలి.

ఈ పద్ధతిలో మొదటి జాబితా నోటీసు బోర్డు ఎక్కాల్సిన రోజు పొద్దున్నే పిచ్చుక నా గది గుమ్మంలో నిలబడింది.

పిచ్చుక అంటే మా విద్యార్థినే. మనిషి బక్కపలచన, గొంతు సన్నం, ఎక్కడా నిలకడగా కూర్చోదు. మొదటి పరీక్షలో మిల్లీగ్రాముకీ మిల్లీలీటరుకీ తేడా తెలియక నలభై తెచ్చుకుంది. అప్పుడు నేను తిట్టిన తిట్లకి వేరే పిల్ల అయితే సంచి సర్దుకుని పోయేది. ఇది మాత్రం సాయంత్రం ల్యాబ్‌లో కూర్చుని, నీళ్ళు నింపిన ఆంప్యూల్స్‌తో, అంటే మెడ విరిచి మందు లాగే చిన్న గాజు సీసాలతో, గంటలు గంటలు సాధన చేసింది. చివరి రెండు పరీక్షల్లోనూ దాని లెక్కల్లో తప్పు పట్టుకోవడానికి నేనే కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

"మేడమ్, ఆఫీసు వాళ్ళు గది ఖాళీ చెయ్యమన్నారు" అంది.

"ఎవరి గది?"

"నాదే. జాబితాలో నేను లేనంట."

"నీకెవరు చెప్పారు? బోర్డు మీద ఇంకా పెట్టనే లేదు కదా."

"వార్డెన్‌కి పొద్దున్నే కాపీ ఇచ్చారంట మేడమ్. అరవై కూడా రాలేదంట నాకు." అంతవరకు గొంతు బాగానే ఉంది. "చివరి పరీక్షకి తొంభై అయిదు వచ్చిందని మీరే అన్నారు కదా. మీరు అబద్ధం చెప్పరు కదా మేడమ్" అనేసరికి పలచబడిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. దాని మీద కాదు, ఎవరి మీదో తెలియని మంట. "లోపలికి రా. ఏడిస్తే బయటికి పంపిస్తా. నీ మార్కులు చెప్పు, వరసగా" అని సుద్దముక్క తీసుకున్నాను.

నలభై, యాభై అయిదు, డెబ్భై అయిదు, తొంభై, తొంభై అయిదు. అది చెబుతుంటే బోర్డు మీద వేసుకుంటూ పోయాను. నలభైతో మొదలు. యాభై అయిదు కలిసేసరికి 49. డెబ్భై అయిదుతో 64.6. తొంభైతో 79.84. తొంభై అయిదుతో 88.94.

దాదాపు ఎనభై తొమ్మిది. పాత సగటు ప్రకారం చూస్తే డెబ్భై ఒకటి, అంటే ఆగిపోవాల్సిందే. నా పద్ధతిలో దర్జాగా దాటాలి. ఇలాంటి పిల్ల కోసమే కదా ఇంత రభస చేసింది!

కంప్యూటర్ తెరిచి దాని పేరు దగ్గర అంకె చూశాను. 59.73.

అంకె తప్పని తెలుస్తోంది, ఎక్కడ తప్పిందో తెలియడం లేదు. బోర్డు ముందు నిలబడి ఆలోచించాను. తొంభై అయిదు చివర్లో ఉంటే దానికొక్కదానికే యాభై ఏడు వస్తుంది. ముందు మార్కులన్నీ కలిపి మూడుకి మించకపోతే తప్ప అరవై లోపు పడదు. కాబట్టి కంప్యూటర్ దృష్టిలో చివర ఉన్నది తొంభై అయిదు కాదు. మరేది? నలభైని తీసుకెళ్ళి చివర పెట్టి మళ్ళీ వేశాను. 55, 67, 80.8, 89.32. దానికి నలభై తగిలించగానే 59.73.

అచ్చంగా అదే అంకె. టర్మ్ మొదటిరోజుల పరీక్ష వెళ్ళి చివరి పరీక్ష కుర్చీలో కూర్చుంది. నూటికి మూడు పాళ్ళు కూడా ఉండకూడని మార్కు అరవై పాళ్ళు మింగేసింది.

"నువ్వు హాస్టల్‌కి వెళ్ళు. సంచి మాత్రం సర్దకు" అన్నాను పిచ్చుకతో.

"సర్దేశాను మేడమ్."

"అయితే విప్పెయ్."

పిచ్చుక ఉన్న రెండో గ్రూపు మార్కులు ఎక్కించేది మా కొత్త ట్యూటర్. మంచి పిల్లాడు, అందరం తమ్ముడూ అనే పిలుస్తాం. నేను వెళ్ళేసరికి టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. నా ముఖం చూసి మళ్ళీ పెట్టేశాడు.

"తమ్ముడూ, మొదటి పరీక్ష మార్కులు ఎప్పుడు ఎక్కించావ్?"

"పోయిన వారం అక్కా. ల్యాబ్‌కి రంగులు వేసినప్పుడు మా గ్రూపు దిద్దిన పేపర్ల కట్ట పాత బీరువాలో ఉండిపోయింది. ఎనిమిది మందివీ దొరగ్గానే ఎక్కించేశా. ఏమైంది?"

"తేదీ ఏం వేశావ్?"

"తేదీ నేనేం వెయ్యలేదక్కా. ఆ గడిలో ఆ రోజు తేదీ దానంతటదే పడుతుంది కదా. ఎప్పుడూ అలాగే వదిలేస్తాం. ఏ తేదీ ఉన్నా సగటు మారదు కదా."

నిజమే. సగటుకి వరసతో పనిలేదు. నలభై ముందున్నా వెనకున్నా కూడిక కూడికే. ఏళ్ళ తరబడి మా స్కూల్లో అందరూ ఆ గడిని అలాగే వదిలేశారు, ఎవరికీ ఏ నష్టం జరగలేదు. నా పద్ధతికి ప్రాణమంతా ఆ గడిలోనే ఉంది, పరీక్షల వరస కంప్యూటర్ పెట్టేది ఆ తేదీని బట్టే. నేను ఇంతమందికి ఇన్ని పాఠాలు చెప్పాను గానీ ఆ ఒక్క ముక్క చెప్పాలని నాకూ తట్టలేదు. తిడదామని వెళ్ళినదాన్ని, ఆ ముఖం చూశాక తిట్టలేకపోయాను.

"ఆ ఎనిమిది మందివీ తెరువు. తేదీలు మార్చేద్దాం" అన్నాను.

అతను కదల్లేదు. "అక్కా, ఈ ఎనిమిది మందిలో ఒకరి మార్కులు మీరు చూడకూడదు కదా."

అప్పుడు గుర్తొచ్చింది. రెండో గ్రూపులో మా చిట్టి ఉంది.

చిట్టి నా చెల్లెలి కూతురు. నేనూ చెల్లెలూ ఒకే ఇంట్లో ఉంటాం. నాకు పిల్లల్లేరు, ఆ లోటు నాకెప్పుడూ తెలియనివ్వలేదు ఆ పిల్ల. అది ఈ స్కూల్లో చేరిన రోజే, దాని పేపర్లు నేను దిద్దననీ, దాని మార్కులు చూడననీ ప్రిన్సిపల్‌కి రాసిచ్చాను. ఇంట్లో కూడా అడిగేదాన్ని కాదు. మొదటి పరీక్షలో గ్రూపు మొత్తానికీ తనదే పైచెయ్యి అని మాత్రం అదే వచ్చి గొప్పగా చెప్పింది. ఆ తర్వాత ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పలేదంటే అంతా బాగానే ఉందని నేనూ అనుకున్నాను.

"నేను చూడను. చిట్టి కథ ఏంటో నువ్వే చెప్పు" అన్నాను తమ్ముడితో. గొంతు గట్టిగానే వచ్చింది, ఎలా వచ్చిందో తెలియదు.

అతను స్క్రీన్ తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు. "జాబితాలో ఉంది అక్కా. ఎనభై ఎనిమిది దగ్గర." ఆగాడు. "తేదీలు సరిచేస్తే ఉండదు."

*

సగటు గారి గదిలో ఫ్యాను ఒకవైపు ఒరిగి తిరుగుతూ కిర్రుకిర్రుమంటుంది. తమ్ముడు చెప్పాల్సింది చెప్పేసి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన కాగితం మీద ఏదో వేసుకున్నారు. ఆయన వేసేది కూడికలే అని నాకు తెలుసు.

"కూర్చోమ్మా. నీళ్ళు తాగుతావా?"

"వద్దండి. జాబితా ఎప్పుడు పెడుతున్నారు?"

"మధ్యాహ్నం భోజనాలయ్యాక. ముందుగా ఒక మాట. నేనేమీ పాత కక్షతో చెప్పట్లేదు." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ చిన్నపిల్లకి, పిచ్చుకంటారే, అన్యాయం జరిగింది. దాన్ని సరిచేద్దాం. వచ్చి అడిగింది అదొక్కతే. మిగతా ఏడుగురూ ఏమీ అడగలేదు. వాళ్ళ అంకెలు ఎలా ఉన్నవి అలా ఉండనిద్దాం. ఎవరికీ నష్టం లేదు."

"ఒకే గ్రూపులో ఒకరికి ఒక తేదీ, ఇంకొకరికి ఇంకో తేదీనా?"

"నష్టం ఎవరికి అని అడుగుతున్నా."

నేను తల అడ్డంగా ఊపాను.

"పోనీ అది నచ్చకపోతే ఈ టర్మ్‌కి పాత సగటే పెట్టేద్దాం. కొత్త పద్ధతిలో పొరపాట్లు వచ్చాయని రాస్తాను, ప్రిన్సిపల్ ఒప్పుకుంటారు. మీ అమ్మాయికి సగటు ఎనభై ఒకటి పైనే వస్తుంది. పిచ్చుకకి డెబ్భై ఒకటి, దాన్ని ప్రత్యేకంగా చూసి పంపిద్దాం." అప్పుడు తల ఎత్తారు. "చూడమ్మా, నీ పద్ధతి వద్దన్నప్పుడు నేను చెప్పిన ముక్క గుర్తుందా? ఒక్కరోజు జ్వరం వచ్చినా అరవై పాళ్ళు దాని మీదే పడతాయి. సగటు దయగలది. ఒక చెడ్డ రోజుని నాలుగు మంచి రోజులు మోస్తాయి."

ఇన్నేళ్ళలో ఆయన నాతో ఇంత మెత్తగా మాట్లాడింది లేదు. నన్ను ఇరుకున పెడదామన్న ఉద్దేశం ఆయనకి లేదు, బయటికి దారి చూపిద్దామనే ఉంది. అందుకే భయమేసింది. నిజం చెబుతున్నాను, ఆ దారి నాకు నచ్చింది. చెల్లెలికి నడుము ఆపరేషన్ అయి మంచం మీద ఉంది. కూతురు తెల్ల యూనిఫాం వేసుకుని వార్డుకి వెళ్ళే రోజు కోసం చూస్తోంది. నేను నోరు మూసుకుంటే చాలు. నా నోటికి ఆ అలవాటు లేదు గానీ, ఒక్కసారి నేర్చుకుంటే పోలా అనిపించింది.

"ఒక్కరోజు జ్వరమేనా?" అని తమ్ముణ్ణి అడిగాను. "మార్కులు చెప్పు. ఇప్పుడు దాచి ఏం లాభం."

అతను సగటు గారి వైపు చూశాడు. ఆయన తల ఊపారు.

"తొంభై ఏడు అక్కా. తర్వాత ఎనభై నాలుగు. డెబ్భై ఎనిమిది. డెబ్భై ఆరు. డెబ్భై రెండు."

ఒక్కరోజు కాదు. మెట్టు మెట్టుగా దిగుతూ వచ్చింది. ఆ తొంభై ఏడుని చివర పెడితే ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది, మొదట పెడితే ఎటు పోతోందో గుడ్డివాడికీ తెలుస్తుంది. సరైన వరసలో ఎంతో నోటితోనే వేసుకున్నాను. డెబ్భై నాలుగు, డెబ్భై అయిదు మధ్య తేలింది.

"నాకు కొంచెం టైం ఇవ్వండి" అన్నాను.

"జాబితా నేను పట్టుకుని ఉంటాను. కానీ ఎక్కువసేపు ఆపలేనమ్మా" అన్నారు సగటు గారు.

*

చిట్టి స్కిల్ ల్యాబ్‌లో ఒంటరిగా ఉంది. ప్లాస్టిక్ బొమ్మ మంచం మీద పడుకుని పైకప్పు చూస్తోంది, చిట్టి పక్కనే స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. నేను తలుపు తోసిన చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది.

"పెద్దమ్మా! సారీ, మేడమ్."

"ఎవరూ లేరులే. నిద్రపోతున్నావా?"

"లేదు. ఊరికే." కళ్ళ కింద నల్లగా ఉంది. రాత్రుళ్ళు వాళ్ళమ్మని పక్కకి తిప్పేది, మందులిచ్చేది ఇదే. నేను పేపర్లు దిద్దుకోవాలని పక్క గదిలో తలుపేసుకుని పడుకునేదాన్ని. అది నర్సే కదా, అలవాటవుతుందిలే అని కూడా అన్నాను ఒకసారి. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఒక లెక్క చెప్తా. చేసి చూపించు" అన్నాను.

"ఇప్పుడా? జాబితా పెట్టేశారా?"

"ఇంకా లేదు. గుండె మందు. డాక్టరు రాసింది సున్నా పాయింట్ ఒకటి అయిదు మిల్లీగ్రాములు. ఆంప్యూల్ ఒక మిల్లీలీటరుది, అందులో సున్నా పాయింట్ అయిదు మిల్లీగ్రాముల మందు ఉంటుంది. లెక్కకట్టి సిరంజిలోకి లాగి ఇవ్వు."

ట్రేలో నీళ్ళ ఆంప్యూల్స్ వరసగా ఉన్నాయి. చిట్టి చేతులు కడుక్కుంది, కాగితం మీద రాసింది, పెదవులు కదుపుతూ లెక్కకట్టింది. ఆ చేతులు ఎంత అందంగా పనిచేస్తాయో! ఆంప్యూల్ మెడ మీద వేలితో తట్టి, గాజుగుడ్డ చుట్టి, తనవైపు కాకుండా బయటికి విరిచింది. టక్. మందు లాగింది.

లోలోపల దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, ఇంక ఆపెయ్ అని. ఆ ఒక్క ఆంప్యూల్లోనే కావలసినదానికి మూడింతలకి పైగా మందుంది.

దాని చెయ్యి రెండో ఆంప్యూల్ మీదికి వెళ్ళింది. టక్.

మా దగ్గర మొదటిరోజు నుంచీ నేర్పే మాట ఒకటుంది. ఒక మోతాదు కోసం ఒకటికి మించి పగలగొట్టాల్సి వస్తే చెయ్యి ఆపు, లెక్క మళ్ళీ చూడు. దీనికి ఆ మాట చెప్పింది నేనే, ఇంట్లో, ఇది స్కూల్లో చేరకముందే. ఇప్పుడు నోరు తెరిస్తే చాలు, ఆగిపోతుంది. నోరు తెరవలేదు.

మూడోది. టక్.

మూడు మిల్లీలీటర్లతో నిండిన సిరంజి ట్రేలో పెట్టి "అయింది" అంది.

"ఎన్ని పగలగొట్టావ్?"

"మూ..." అని ట్రే వైపు చూసింది. మెడలు విరిగిన మూడు గాజు ఆంప్యూల్స్ పక్కపక్కనే ఉన్నాయి. కాగితం చూసింది. సున్నా పాయింట్ మూడు రావాల్సిన చోట మూడు ఉంది. పది రెట్లు.

"నాకు వచ్చు పెద్దమ్మా. నిజంగా వచ్చు. ఎందుకో ఇలా..."

"నీకు వచ్చని నాకు తెలుసు తల్లీ."

"మరి?"

మంచం మీద బొమ్మ మా ఇద్దరినీ పట్టించుకోకుండా పైకే చూస్తోంది. అక్కడ బొమ్మ ఉంది కాబట్టి సరిపోయింది. నేను దాని తల మీద చెయ్యి వేద్దామనుకుని వెయ్యలేక బయటికి వచ్చేశాను.

*

"ఎనిమిది మందివీ మార్చండి. పరీక్ష జరిగిన తేదీ వెయ్యండి అందరికీ. మార్చేది మీరే, నేను ఆ కంప్యూటర్ ముట్టుకోను" అన్నాను.

సగటు గారు కాగితం పక్కకి నెట్టారు. "ఇంకోసారి ఆలోచించుకోమ్మా. సగటు పెడితే ఎవరూ వేలెత్తి చూపరు."

"ఎవరో వేలెత్తి చూపుతారని కాదండి. మొదట్లో తెచ్చుకున్న తొంభై ఏడు మంచిదే, కష్టపడి తెచ్చుకుంది. కానీ వార్డులో మందు కొలిచేది ఆ తొంభై ఏడు కాదు, ఇవాళ్టి చెయ్యి. ఆ చెయ్యి నేనిప్పుడే చూసొచ్చాను." కళ్ళలో నీళ్ళు వచ్చాయి, నాకు నలుగురిలో ఏడవడమంటే చచ్చేంత చిరాకు. "ఒక చెడ్డ రోజుని నాలుగు మంచి రోజులు మోస్తాయన్నారు. ఒక్కటే అయితే మొయ్యనివ్వచ్చు. ఇది ఒక్కటి కాదు. దిగుతూ ఉంటే సగటు చెప్పదు కదండీ, కప్పేస్తుంది."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒక్కొక్క పేరే తెరిచి తేదీ గడిలో పాత తేదీ వేశారు. ఆరుగురి అంకెలు అటూ ఇటూ జరిగాయి గానీ, ఎనభై గీతకి ఏ పక్కన ఉన్నవాళ్ళు ఆ పక్కనే ఉన్నారు. ఒకరు కింద నుంచి పైకి వచ్చారు. ఒకరు పై నుంచి కిందికి వెళ్ళారు.

"ఇంకో మాట. ఇక మీద ఆ గడి ఖాళీగానే రావాలి. చేత్తో తేదీ వేస్తే తప్ప మార్కు ఎక్కకూడదు. ఆఫీసు వాళ్ళకి చెప్పండి" అన్నాను లేస్తూ.

"నీ నోరు ఇంకా బతికే ఉందన్నమాట" అన్నారు సగటు గారు. నవ్విద్దామనే అన్నారు. ఎవరం నవ్వలేదు.

నేను ఇంటికి బయలుదేరేసరికి పిచ్చుక నోటీసు బోర్డు ముందు నిలబడి తన పేరు మీద వేలు పెట్టి ఉంది, తీస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, సంచి విప్పేశాను!" అంది. "సంతోషం. వార్డులో ఎగరకు" అన్నాను. దాని సంతోషం చూస్తే నాకూ సంతోషమే. అది నిజం. దాని వెనక బోర్డు వైపు చూడలేకపోయానన్నదీ నిజమే.

*

చిట్టి నాకంటే ముందే ఇంటికి చేరింది. చెల్లెలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. చిట్టి వంటగది బల్ల దగ్గర కూర్చుంది. స్టవ్ మీద టీ మరిగి మరిగి నల్లబడింది, అది ఆపలేదు. నేను వెళ్ళి ఆపాను.

"తమ్ముడు సార్ అంతా చెప్పారు. నువ్వు ఊరుకుని ఉంటే నా పేరు ఉండేదంట" అంది.

"అవును."

"సగటు పెట్టినా ఉండేదంట."

"అవును."

"ఊరందరి పిల్లల కోసం తెచ్చిన పద్ధతి నీకు నా ఒక్కదాని మీదే దొరికిందా పెద్దమ్మా?" అది అరవలేదు. అరిచినా బాగుండేది. "అమ్మకి ఏం చెప్పను?"

"నేను చెప్తా. నా తప్పు కూడా కలిపి చెప్తా. రాత్రుళ్ళు నిన్ను ఒంటరిగా వదిలేసింది నేను. ఇవాళ్టి నుంచి అమ్మ దగ్గర నేను పడుకుంటా. నువ్వు నా గదిలో తలుపేసుకుని పడుకో."

అది తల దించుకుంది. బల్ల మీద గోటితో గీతలు గీస్తూ కూర్చుంది. కాసేపటికి, తల ఎత్తకుండానే, అడగదనుకున్నది అడిగింది.

"మూడోది పగలగొడుతుంటే చూస్తూ నిలబడ్డావు. ఎందుకు ఆపలేదు?"

"వార్డులో నీ పక్కన నేనుండను కదే."

చిట్టి ముఖం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదిలాయి. ఈసారి దాని తల మీద చెయ్యి వేశాను, తోసెయ్యలేదు. లోపల్నుంచి చెల్లెలు "ఎవరే వచ్చింది?" అంటే "పెద్దమ్మ" అంది చిట్టి, గొంతు సరిచేసుకుని.

తర్వాత ముక్కు తుడుచుకుని, నా సంచిలోంచి పెన్సిలూ కాగితమూ లాక్కుంది.

"ఇప్పుడు నా అంకెంత?"

"డెబ్భై నాలుగు పాయింట్ ఆరు నాలుగు."

"వచ్చే టర్మ్ మొదటి పరీక్ష దీని మీదే కలుస్తుంది కదా. దీనికి నలభై పాళ్ళు, కొత్తదానికి అరవై." రాయడం మొదలుపెట్టింది. "సగటు అయ్యుంటే నా డెబ్భైలన్నీ చివరిదాకా అంతే బరువుతో నా వెంటే ఉండేవి, కదా?"

"ఉండేవి. ఇందులో నువ్వు బాగుపడితే అవే పలచబడతాయి."

"దాటాలంటే ఎంత రావాలో చూస్తా. నువ్వు చెప్పకు."

ఎనభైలోంచి 29.86 తీసేసింది. 50.14. దాన్ని 0.6తో భాగించింది. పెన్సిల్ ఆగింది, మళ్ళీ కదిలింది. 83.57.

"ఎనభై నాలుగు వస్తే చాలు" అని కాగితం నా వైపు తోసింది. "చూడు, చుక్క సరైన చోటే పడిందా?"

నేను కళ్ళజోడు కోసం చెయ్యి చాపాను. కాగితం మళ్ళీ తన వైపు లాగేసుకుంది.

"ఆగు పెద్దమ్మా. ముందు నేను ఇంకోసారి చూసుకుంటా."